అయస్కాంతం మింగిన ఆవు

పశువుల డాక్టరు జేబులోంచి బడిపిల్లలు ఆడుకునే దిక్సూచి ఒకటి తీసి, ఆవు ఎడమ ముందుకాలి మోచేతి వెనక పెట్టి చూస్తుంటే చుట్టూ చేరినవాళ్ళకు నవ్వొస్తుంది. ఆవు తూర్పుకు నిలబడిందో పడమటికి నిలబడిందో తెలుసుకోవడానికి దిక్సూచి ఎందుకు? ఆయన వెతుకుతున్నది దిక్కు కాదు. అప్పటిదాకా ఉత్తరం చూపిస్తున్న ముల్లు ఆవు ఒంటి దగ్గరకు రాగానే గిర్రున తిరిగిందంటే, దాని కడుపులో ఎవరో అంతకుముందే ఒక అయస్కాంతం వేశారని అర్థం. ముల్లు చలించకపోతే, వేయలేదన్నమాట. మేత మానేసి, నడుం వంచి నిలబడ్డ ఆవు విషయంలో ఆ తరవాత ఏం చేయాలన్నది కొంతవరకు ఆ ముల్లు మీదే ఆధారపడి ఉంటుంది.

మేకులు, తీగముక్కలు మింగడం వల్ల పశువులకు వచ్చే ఈ జబ్బును ఇంగ్లీషు వైద్యులు హార్డ్‌వేర్ డిసీజ్ అన్నారు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సరుకంతా పశువు కడుపులో దొరుకుతుంది కాబట్టి ఆ పేరు బాగానే అతికింది. మేకులు, బైండింగు తీగ, కంచె ముక్కలు, గోనెలు కుట్టే సూదులు, జడపిన్నులు, ఒక్కోసారి తాళంచెవులు కూడా.

ఆవుకు అంత తెలివి లేదా అనిపిస్తుంది. తప్పు తెలివిది కాదు, నాలుకది. మేక పెదవులతో ఆకును ఏరుకుని తింటుంది, అందుకే దానికి ఈ జబ్బు చాలా అరుదు. ఆవు, గేదె అలా కాదు. నాలుక చాపి, గడ్డి పిడికెడు చుట్టి లాక్కుని, రెండు మూడుసార్లు పైపైన నమిలి మింగేస్తాయి. అసలు నమలడం తీరిగ్గా పడుకుని నెమరు వేసేటప్పుడు. గరుకైన నాలుకకు వరిగడ్డి పరక, సన్నటి తీగముక్క ఒకేలా తగులుతాయి. తౌడు, చెక్క కలిపిన కుడితిలో అయితే ఆ కాస్త తేడా కూడా తెలియదు.

మింగిన తీగ ఎక్కడికి పోతుందన్నదే అసలు కథ. పశువు పొట్టలో నాలుగు గదులుంటాయి. మొదటిది ఎడమ డొక్కంతా నిండి ఉండే పెద్దపొట్ట. దానికి ముందు, కిందివైపున, చిన్న కుంకుమభరిణెలా అతుక్కుని రెండో గది ఉంటుంది. లోపలి గోడ అచ్చం తేనెతుట్టెలా ఆరుపలకల గళ్ళతో ఉంటుంది కనుక దాన్ని తేనెపట్టు పొట్ట అందాం. బరువైన వస్తువేదైనా చివరికి దీంట్లోకే జారుతుంది, ఎందుకంటే పొట్టలన్నిటిలోకీ ఇదే పల్లం. గుండ్రటి రాయి, నట్టు, బోల్టు పడితే ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతాయి, పశువుకు ఏమీ కాదు. పొడుగ్గా, మొన దేరి ఉన్నది పడితేనే చిక్కు. దాని మొన తేనెపట్టు గడిలో ఇరుక్కుంటుంది.

ఈ గది ఊరికే ఉండదు. దాదాపు నిమిషానికి ఒకసారి, పిడికిలి బిగించినట్టు, గోడలు ఒకదానికొకటి ఆనేంతగా ముడుచుకుంటుంది. మేతను తిరగవేయడానికి ప్రకృతి చేసిన ఏర్పాటది. కానీ మధ్యలో తీగ ఉంటే ప్రతి ముడుపూ సుత్తిదెబ్బే. రోజుకు వెయ్యికి పైగా దెబ్బలు. మేకును మనం గోడలోకి దించినట్టే పొట్ట తన గోడలోకి తానే దించుకుంటుంది.

ఇక ఆ గోడకు అవతల ఏముందో చూడాలి. వెంటనే డయాఫ్రమ్, అంటే పొట్టను ఛాతీనుంచి వేరుచేసే కండపొర. దాన్ని దాటితే గుండె సంచి. పెద్ద ఆవులో కూడా తేనెపట్టు పొట్టకూ గుండెకూ మధ్య దూరం కొన్ని సెంటీమీటర్లే. ఒక పక్కన కాలేయం, ఇంకో పక్కన ప్లీహం. మూడంగుళాల తీగ నేరుగా ముందుకు నడిస్తే గుండెను తాకుతుంది. పక్కకు తిరిగితే కాలేయంలో చీముగడ్డ కడుతుంది. అదృష్టం బాగుంటే గోడలోనే ఆగి తుప్పు పట్టి పోతుంది. ఏ దారిన పోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఒక ఆవును మనసులో పెట్టుకుని చూద్దాం. ఇది ఫలానా వారి ఆవు అని కాదు, పల్లెల్లో తిరిగే ఏ పశువైద్యుడికైనా బాగా తెలిసిన ఆవే. జెర్సీ సంకరం, మూడో ఈత, ఆరు నెలల చూడి. పూటకు మూడు లీటర్లు ఇస్తోంది. పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. సెంట్రింగు ఊడదీసిన రోజున మేకులు, ఇనుప ఊచలు కట్టిన తీగముక్కలు ఇసుకలోనూ గట్టు మీదా చెల్లాచెదురుగా పడ్డాయి. ఆ గట్టు మీద కోసిన పచ్చగడ్డే ఆవుకు వేశారు.

నెలరోజుల పాటు ఏమీ కాలేదు. ఇది గుర్తుంచుకోవలసిన విషయం. తీగ పొట్టలో వారాలు, నెలలు ఊరికే పడి ఉండగలదు. చూడి ముదిరేకొద్దీ గర్భసంచి పెరిగి పొట్టను ముందుకు నెడుతుంది. ఈనేటప్పుడు ముక్కే ముక్కుళ్ళు మరీ గట్టిగా నెడతాయి. అందుకే ఈ జబ్బు చూడి చివరి నెలల్లోనూ ఈనిన కొత్తలోనూ ఎక్కువగా బయటపడుతుంది. అప్పటికి ఇల్లు కట్టిన మేస్త్రీ వెళ్ళిపోయి ఉంటాడు, తీగను ఎవరూ గుర్తు పెట్టుకోరు.

ఒక సాయంత్రం మూడు లీటర్ల చోట లీటరు కూడా రాలేదు. పొద్దున బాగానే ఇచ్చింది. చెంబు నిండకపోవడం చూసి ఎవరి దిష్టో తగిలిందనుకున్నారు. మేత వాసన చూసి తల తిప్పేసింది. మర్నాటికి నెమరు లేదు. నడుం కొద్దిగా విల్లులా పైకి వంచి, ముందుకాళ్ళ మోచేతులను ఛాతీకి దూరంగా పెట్టుకుని నిలబడింది. పడుకోవాలంటే భయం, పడుకుంటే లేవాలంటే భయం. పేడ వేసేటప్పుడూ మూత్రం పోసేటప్పుడూ ఒక చిన్న మూలుగు. పేడ తక్కువ, గట్టిగా. నీళ్ళ తొట్టి దగ్గరకు పల్లంలోకి దిగమంటే దిగలేదు, ఎందుకంటే పల్లంలో దిగేటప్పుడు పొట్టలోని బరువంతా ముందుకు జారి ఆ తీగ మీదనే పడుతుంది.

ఇక్కడ చాలా ఇళ్ళలో ఒక రోజు వృథా అవుతుంది. అజీర్తి అనుకుని శొంఠి, వాము, బెల్లం దంచి పోస్తారు. నేనేమీ ఆ వైద్యాన్ని వెక్కిరించడం లేదు, మామూలు అజీర్తికి అది పనిచేసిన సందర్భాలున్నాయి. కానీ అజీర్తి చేసిన ఆవు మందంగా ఉంటుంది, ఈ ఆవు నొప్పితో ఉంటుంది. తేడా నిలబడే తీరులో, నడకలో కనిపిస్తుంది. ఇంకో తప్పు, డాక్టరు చూడకముందే ఎవరో ఒక నొప్పి ఇంజెక్షను పొడిపించడం. నొప్పి తగ్గి ఆవు నాలుగు పరకలు కొరుకుతుంది, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. తీగ మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

రెండో రోజు సాయంత్రం డాక్టరు వచ్చాడు. జ్వరం 103.6 డిగ్రీలు. మామూలుగా ఆవుకు 101.5 నుంచి 102.5 దాకా ఉంటుంది కాబట్టి ఇది కొంచెం ఎక్కువే, విపరీతమేమీ కాదు. తరవాత రెండు చేతులతో ఆవు మూపు దగ్గరి చర్మాన్ని గట్టిగా గిల్లాడు. ఆరోగ్యంగా ఉన్న ఆవు గిల్లగానే నడుం కిందికి వంచుతుంది. ఈ ఆవు వంచలేదు, బిర్రబిగుసుకుని మూలిగింది. నడుం వంగితే పొట్ట గోడ సాగుతుంది, సాగితే తీగ గుచ్చుతుంది. మరో పరీక్ష కూడా చేయవచ్చు. ఇద్దరు మనుషులు చెరో పక్క నిలబడి, ఆవు ఛాతీ ఎముక చివర కింద ఒక కర్ర అడ్డంగా పెట్టి మెల్లగా పైకెత్తి హఠాత్తుగా వదులుతారు. ఒకరు గొంతు దగ్గర చెవిపెట్టి వింటారు. ఆ క్షణంలో వినబడే మూలుగే సాక్ష్యం. మొండి గేదెలు మాత్రం ఈ పరీక్షలకు అంత తేలిగ్గా లొంగవు. నొప్పిని దిగమింగుకుని నిలబడతాయి, అందుకే గేదెల్లో జబ్బు చాలాసార్లు ఆలస్యంగా తెలుస్తుంది.

ఇనుమును కనిపెట్టే యంత్రం పెట్టి చూడొచ్చు కదా అని అడుగుతారు. అది వేస్తే కీచుమంటుంది, నిజమే. కానీ ఏ జబ్బూ లేని ఆవు దగ్గరా కీచుమంటుంది, ఎందుకంటే ఎంతో కొంత ఇనుము కడుపులో మోస్తున్న పశువులు చాలానే ఉంటాయి. లోపల ఇనుముందని తెలుస్తుంది, అది గుచ్చుకుందో లేదో తెలియదు. రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగాయా, స్కానింగులో తేనెపట్టు పొట్ట చుట్టూ చీమునీరు, పొరలు అతుక్కోవడం కనబడుతున్నాయా అన్నవి ఇంతకంటే నమ్మదగ్గవి. పెద్ద పశువు ఛాతీని దాటగల ఎక్స్‌రే యంత్రం ఊళ్ళో ఉండదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి పశువైద్య కళాశాలల ఆస్పత్రులకు తోలుకుపోవాలి. పల్లెలో డాక్టరు చేతివేళ్ళు, చెవులు, దిక్సూచి, వీటితోనే నిర్ణయం జరిగిపోతుంది.

దిక్సూచి ముల్లు కదల్లేదు. కడుపులో అయస్కాంతం లేదు. అంటే ఒకటి వేసి చూడవచ్చు.

పశువుకు వేసే అయస్కాంతం వేరు. వేలంత లావు, దాదాపు మూడంగుళాల పొడవు, అంచులు నున్నగా గుండ్రంగా తీర్చిన కడ్డీ. అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిపిన ఆల్నికో అనే లోహంతో చేసినవి ఎక్కువ. పాత స్పీకరులోని చక్రంలాంటి అయస్కాంతాన్ని మింగించే సాహసం ఎవరూ చేయకూడదు. అది పెళుసు, పగిలితే అదే మేకవుతుంది. మాత్రలు మింగించే పొడవాటి గొట్టంలో ఈ కడ్డీని పెట్టి, నాలుక మొదట్లోకి పోనిచ్చి వదులుతారు. పశువు తల మరీ పైకెత్తి పట్టుకుంటే శ్వాసనాళం దారి తెరుచుకునే ప్రమాదముంది, గొట్టంతో పొడిస్తే గొంతు చిరుగుతుంది, కాబట్టి ఇది తెలిసినవాళ్ళు చేయవలసిన పని. కడ్డీ బరువుకు తానే జారి, ఒకటి రెండు రోజుల్లో ఆ పల్లపు గదికి చేరుతుంది. ఒకసారి చేరిందా, ఇక పశువు బతికినన్నాళ్ళూ అక్కడే. పేడలో రాదు, అరగదు.

అయస్కాంతం తీగను గోడలోంచి పీకేస్తుందనుకోవడం సరికాదు. గోడలో బలంగా దిగబడ్డ మేకును అది కదపలేదు. అప్పుడప్పుడే మొన గుచ్చుకుని, మిగతా భాగం ఇంకా లోపలే ఉన్న తీగను మాత్రం తోకపట్టి ఆపుతుంది. ఒక్కో ముడుపుకూ అది తన వైపు లాగుతూ ఉంటే, తీగ మెల్లగా వెనక్కి వచ్చి కడ్డీకి పొడుగునా అతుక్కుపోతుంది. మొన ఎటూ పొడుచుకోలేని స్థితికి వస్తుంది. అందుకే ఇది మొదటి రెండు మూడు రోజుల మందు. తీగ మొత్తం గోడ దాటి ఛాతీలోకి వెళ్ళాక కడుపులోని అయస్కాంతానికి దానితో ఏ సంబంధమూ లేదు.

ఆవు విషయానికొస్తే, అయస్కాంతంతో పాటు ఆంటీబయాటిక్ సూదులు మొదలయ్యాయి. తీగ చేసిన రంధ్రం గుండా పొట్టలోని క్రిములు బయటకు పోయి చీము పట్టిస్తాయి, వాటికోసం. ఆ మందు వాడినన్నాళ్ళూ, సీసా మీద రాసినన్ని రోజులూ ఆ పాలు డెయిరీకి పోయకూడదు. ఇక మూడోది, చూడటానికి వింతగా ఉండే వైద్యం. ముందుకాళ్ళ కింద మట్టి, పలకలు వేసి జానెడు ఎత్తు చేశారు. ఆవు ఎగువకు చూస్తూ నిలబడాలి. పొట్టలోని బరువు వెనక్కి పోతే తీగ ముందుకు నడవదు, రంధ్రం చుట్టూ పొరలు అతుక్కుని మూసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. రెండు వారాలు కట్టు తప్పించలేదు, మేపుకు తోలలేదు.

మూడో రోజుకు జ్వరం దిగింది. నెమరు కనిపించింది. దిక్సూచి పెడితే ముల్లు మోచేతి వెనకే తిరిగింది, అయస్కాంతం చేరవలసిన చోటికి చేరింది. పాలు మాత్రం వెంటనే తిరిగి రాలేదు, పూటకు రెండు లీటర్ల దగ్గర ఆగిపోయాయి.

ఇలా తిరుగుముఖం పట్టకపోతే, అంటే రెండు మూడు రోజుల్లో మేత ముట్టకపోతే, మిగిలేది ఆపరేషను. పేరు వింటే రైతు బెదిరిపోతాడు గాని అది పశువు నిలబడి ఉండగానే జరుగుతుంది. ఎడమ డొక్కలో వెంట్రుకలు గొరిగి, మత్తుసూదితో ఆ భాగాన్ని మొద్దుబార్చి, జానెడు పొడవున కోస్తారు. పెద్దపొట్టను గాయం అంచులకు కుట్టి, లోపలి మేత కడుపుకుహరంలోకి ఒలకకుండా కట్టడి చేసి, అప్పుడు పొట్టను కోస్తారు. డాక్టరు భుజం దాకా తొడుగు వేసుకుని, కొంత మేత బయటికి తోడి, చెయ్యి లోపలికి పోనిచ్చి ముందుకు, కిందికి వంచి తేనెపట్టు పొట్ట చేరుతాడు. ఇక చూపు పనికిరాదు. వేళ్ళ కొసలతో గడి గడినీ తడుముతూ వెతకాలి. గోడ బయటికి అతుక్కుని కదలకుండా ఉన్న చోట తీగ ఉండే అవకాశం ఎక్కువ. దొరికితే వచ్చిన దారినే వెనక్కి లాగుతారు. అదే చేత్తో ప్లాస్టిక్ సంచులు, తాళ్ళు ఉంటే అవీ బయటకు వస్తాయి, అయస్కాంతం వాటిని ఎన్నడూ ముట్టదు. పది పన్నెండు రోజులకు కుట్లు విప్పుతారు. అయస్కాంతం కంటే ఖర్చు, శ్రమ ఎక్కువైనా లోపలేముందో చేతితో చూసి తేల్చుకోగల పద్ధతి ఇదొక్కటే.

ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చెప్పాలి. నాలుగైదు రోజులకు చాలాసార్లు నొప్పి తనంత తానే తగ్గుతుంది. పొరలు అతుక్కుని రంధ్రాన్ని మూసేస్తే ఆవు బాగుపడుతుంది. అలా కాక తీగ ముందుకే పోయి ఉంటే, కొన్ని వారాల తరవాత గంగడోలు బరువుగా వాచి వేలాడుతుంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. మెడ పక్కన నరం తాడులా ఉబ్బి కొట్టుకుంటుంది. గుండె మీద స్టెతస్కోపు పెడితే లబ్‌డబ్ బదులు సగం నిండిన కుండలో నీళ్ళు కదిలిన చప్పుడు. గుండె సంచిలో చీము నిండి, గుండె విప్పారడానికి చోటులేక ఆ బలవంతపు నీరంతా గంగడోల్లోకి దిగింది. సంచిలోని చీము తోడేసే ప్రయత్నాలు, పక్కటెముక తొలగించి చేసే ఆపరేషన్లు ఉన్నాయి గాని బతికి బట్టకట్టేవి తక్కువ. ఈ దశలో నిజాయితీగల డాక్టరు రైతుతో ఇక ఖర్చు పెట్టవద్దనే చెబుతాడు.

గేదెలో ఇంకో దారి ఉంది. తీగ గుచ్చి బలహీనపరిచిన చోట డయాఫ్రమ్ చిరిగి, తేనెపట్టు పొట్ట ఛాతీలోకి జొరబడుతుంది. అప్పుడు గేదెకు మాటిమాటికీ కడుపు ఉబ్బుతుంది, గొట్టం వేసి గాలి తీస్తే తగ్గి మళ్ళీ ఉబ్బుతుంది. ఈనిన కొద్ది రోజులకు ఇలా రెండు మూడుసార్లు ఉబ్బిన గేదెను ఉబ్బరం మందులతో నెట్టుకురాకూడదు. ముందు పెద్దపొట్ట కోసి లోపలివి తీసి, ఆ తరవాత చిరుగు కుట్టాలి. ఇది కళాశాల ఆస్పత్రుల్లో చేసే పని. 1962కు ఫోను చేస్తే వచ్చే సంచార వైద్య వాహనం వాళ్ళు ఎక్కడికి తోలుకుపోవాలో చెప్పగలరు.

అయస్కాంతం జబ్బు వచ్చాక కంటే రాకముందు ఎక్కువ పనిచేస్తుంది. పెయ్య ఏడాది దాటాక, మొదటిసారి కట్టించే లోపు ఒకటి వేయిస్తే, ఆ తరవాత మింగే ప్రతి మేకూ గోడను చేరకముందే కడ్డీకి అతుక్కుంటుంది. రాత్రి మేత పెట్టకుండా పొద్దున్నే వేస్తే నిండిన పెద్దపొట్టలో ఎక్కడో చిక్కుకోకుండా ముందుకు జారుతుంది. ఒక్కటి చాలు. కొనుక్కొచ్చిన ఆవైతే దిక్సూచి పెట్టి చూసి, లేకపోతేనే వేయాలి. కోతకు పోయిన పశువుల్లో దొరికే పాత అయస్కాంతాలు కాకరకాయల్లా మేకులతో, సూదులతో నిండి ఉంటాయి. దానికీ పరిమితులున్నాయి. రాగి తీగ, అల్యూమినియం కరెంటు తీగ అంటుకోవు. కొన్ని రకాల స్టీలు కూడా అంతే.

ఒక మాట గడ్డి కోసే యంత్రం గురించి. చేత్తో వేసిన పొడుగు గడ్డిలో మూర పొడవు తీగ ఉంటే పశువు కంటికో మన కంటికో పడుతుంది, లేదా నోట్లోంచి జారుతుంది. అదే తీగ యంత్రంలో పడితే రెండు మూడు అంగుళాల ముక్కలై, మొనలు పదునెక్కి, గడ్డిలో కలిసిపోతుంది. గుండెను చేరడానికి అంతకంటే అనువైన కొలత లేదు. యంత్రం నోటి దగ్గరా గడ్డి రాలే చోటా ఒక బలమైన అయస్కాంతపు పలక బిగిస్తే చాలావరకు అక్కడే ఆగుతుంది, వారానికోసారి దాన్ని తుడవాలి. కట్టలను తీగతో కాక తాటినారతోనో, జనుపతాడుతోనో కట్టాలి. పందిరికి, కంచెకు తీగ కత్తిరించిన చోట ముక్కలు లెక్కపెట్టి ఏరాలి.

పాత స్పీకరు అయస్కాంతం ఇక్కడ పనికొస్తుంది. దానికి తాడు కట్టి, ఇల్లు కట్టిన స్థలంలో, గడ్డి కోసే గట్టు మీద నేలకు తగిలేలా ఈడ్చుకుంటూ రెండుసార్లు తిరిగితే ఎన్ని మేకులు అంటుకుంటాయో చూసి ఇంటివాళ్ళే ఆశ్చర్యపోతారు. భోగిమంటలో పాత టైరు వేసిన ఊళ్ళలో ఈ పని తెల్లారేసరికే చేయాలి. రబ్బరు కాలి పోయాక టైరు అంచులోని ఉక్కుతీగ చుట్టలు బూడిదలో మిగులుతాయి. ఆ బూడిద పెంటపోగుకు, అక్కడినుంచి పొలానికి, పొలంలోంచి పచ్చగడ్డితో పాటు మళ్ళీ గాటిపాడికి రాకముందే.